బైపాస్‌కు పోయిన పొలం, పరిహారంపై పన్ను నోటీసు: ఏ ఏళ్ల అడంగళ్లు చూపాలి?

ప్రశ్న: మా నాన్నగారి పేరున ఉన్న మాగాణిలో 1 ఎకరం 40 సెంట్లు జాతీయ రహదారి బైపాస్‌కు పోయింది. నాన్నగారు 2020 జనవరిలో కాలం చేశారు. నేను ఒక్కడినే కొడుకుని. 2022 ఆగస్టులో 74 లక్షల రూపాయల పరిహారం మంజూరైతే, అందులో 7 లక్షల 40 వేలు పన్ను కింద పట్టుకుని మిగతాది నా ఖాతాలో వేశారు. వ్యవసాయం తప్ప వేరే ఆదాయం లేదు కదా అని రిటర్ను వేయలేదు. ఇప్పుడు ఆదాయపు పన్ను శాఖ నుంచి 148ఎ కింద నోటీసు వచ్చింది. మొత్తం 74 లక్షలూ చూపని ఆదాయం అంటున్నారు. పట్టణం మా ఊరికి రోడ్డు మీద 7 కిలోమీటర్ల దూరం. 2022 అడంగల్ ఒకటి మీసేవలో తీసి పంపితే సరిపోతుందా? ఒక పంట మా బావమరిది పేరుతో ఈ-క్రాప్‌లో ఎక్కింది, దానివల్ల ఇబ్బంది ఉందా? కాగితాల నకళ్లు జత చేశాను. — ఒక రైతు, ఆంధ్రప్రదేశ్

సమాధానం: 2022 అడంగల్ పంపకండి. మీరు జత చేసిన ఆ నకలులో, రహదారికి పోయిన విస్తీర్ణం ఎదురుగా పంట గడి ఖాళీగా ఉంది. అప్పటికి ఆ నేల మీది కాదు కాబట్టి అది ఖాళీగా ఉండడం సహజమే. కానీ నోటీసు ఇచ్చిన అధికారి దాన్ని చూసి, ఈ భూమిలో వ్యవసాయమే జరగలేదని రాసుకునే ప్రమాదం ఉంది. డబ్బు వచ్చిన ఏడాది అడంగల్‌ను పట్టుకెళ్లి ఇవ్వడం ఇటువంటి నోటీసులకు జవాబిచ్చేవారు తరచుగా చేసే పొరపాటు. మినహాయింపు రావడమా పోవడమా అన్నది చాలాసార్లు ఇక్కడే తేలిపోతుంది.

ఆదాయపు పన్ను చట్టం, 1961లో రెండు తేదీలు వేర్వేరుగా నడుస్తాయి. నిర్బంధ భూసేకరణలో పరిహారం ఏ సంవత్సరంలో చేతికి వస్తే ఆ సంవత్సరపు ఆదాయంగా లెక్కించాలని సెక్షన్ 45(5) చెబుతుంది. అందుకే మీ నోటీసు 2022-23 ఆర్థిక సంవత్సరానికి, అంటే 2023-24 మదింపు సంవత్సరానికి వచ్చింది. అయితే మీకు మినహాయింపునిచ్చే సెక్షన్ 10(37) డబ్బు వచ్చిన తేదీని చూడదు. భూమి బదిలీ అయిన తేదీకి సరిగ్గా ముందున్న రెండేళ్లలో ఆ భూమిని మీరు గాని, మీ తల్లిదండ్రుల్లో ఒకరు గాని వ్యవసాయానికి వాడారా అన్నదే చూస్తుంది. కనుక ముందుగా బదిలీ ఎప్పుడు జరిగిందో తేల్చుకోవాలి.

మీ భూమిని జాతీయ రహదారుల చట్టం, 1956 కింద తీసుకున్నారు. ఆ చట్టంలో సెక్షన్ 3ఎ ప్రకటన వచ్చినప్పుడు భూమి ఇంకా రైతుదే. అభ్యంతరాల విచారణ ముగిసి, 3డి ప్రకటన గెజిట్‌లో అచ్చయిన రోజున భూమి సర్వహక్కులతో కేంద్ర ప్రభుత్వానికి దఖలు పడుతుంది. అవార్డు ఆ తర్వాత వస్తుంది, డబ్బు ఇంకా తర్వాత వస్తుంది, ట్రాక్టరు దింపి గట్లు చెరిపేది ఎప్పుడో అధికారుల వీలును బట్టి ఉంటుంది. మీరు పంపిన గెజిట్ నకలులో 3డి తేదీ 2021 మార్చి 12. అంటే మీరు రుజువు చేయవలసిన కాలం 2019 మార్చి 12 నుంచి 2021 మార్చి 11 వరకు. రెవెన్యూ వారి లెక్క జూలై నుంచి జూన్ వరకు నడిచే ఫసలీలలో ఉంటుంది గనుక, ఈ రెండేళ్లు 1428 ఫసలీ చివరి నాలుగు నెలలను, 1429 ఫసలీ మొత్తాన్ని, 1430 ఫసలీలో సార్వానూ రబీలో చాలా భాగాన్నీ తాకుతాయి. మీకు కావలసినవి ఈ మూడు ఫసలీల అడంగళ్లు, వాటితోపాటు అదే కాలానికి 1బి నకలు. ఆన్‌లైన్‌లో ఎవరైనా చూసి తీసుకోగలిగే ప్రింటు కాకుండా, మీసేవ ద్వారా దరఖాస్తు సంఖ్యతో, డిజిటల్ సంతకంతో వచ్చే ధ్రువీకృత నకళ్లనే తీసుకోండి.

అడంగల్ చేతికి వచ్చాక మూడు గడులను వేలు పెట్టి చదవాలి. మొదటిది భూమి వివరణ గడి. అక్కడ పల్లం అనో మెట్ట అనో ఉండాలి. వ్యవసాయేతర వినియోగానికి మార్చినట్లు ఏ గుర్తూ ఉండకూడదు. రెండోది అనుభవదారు గడి. మూడోది పంట పేరు, సాగు విస్తీర్ణం ఉన్న గడి. మీ 1428, 1429 ఫసలీల నకళ్లలో పట్టాదారుగానూ అనుభవదారుగానూ మీ నాన్నగారి పేరే ఉంది. సార్వాలో వరి, రబీలో మినుము కనిపిస్తున్నాయి. ఆయన 2020 జనవరిలో పోయినా రికార్డు మారలేదని కంగారు పడవద్దు. తల్లిదండ్రుల సాగును కూడా సెక్షన్ 10(37) లెక్కలోకి తీసుకుంటుంది కాబట్టి, ఆయన బతికున్నంతకాలం సాగు ఆయనదని, ఆ తర్వాతి సాగు మీదని చెప్పడానికి మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం చాలు. ఏదో ఒక పంటకాలంలో నేల బీడుగా ఉన్నా ఫర్వాలేదు. నీళ్లు రాక ఒక రబీ మానుకున్నంత మాత్రాన వ్యవసాయ భూమి వ్యవసాయ భూమి కాకుండా పోదు. అది చేపల చెరువుగా మారి ఉంటే మాత్రం కథ వేరు.

ఇక బావమరిది సంగతి. 1430 ఫసలీ సార్వా వరి ఆయన పేరున ఈ-క్రాప్‌లో నమోదైంది, అదే పేరు అడంగల్ అనుభవదారు గడిలోకి కూడా ఎక్కింది. దీన్ని అధికారి పట్టుకోడని అనుకోవద్దు, పట్టుకునే లోపే మీరే ప్రస్తావించాలి. చట్టం అడిగేది ఆ భూమిని వ్యవసాయానికి మీరు వాడారా అన్నదే. కూలీలను పెట్టుకున్నా, బంధువుకు అజమాయిషీ అప్పగించినా, పెట్టుబడి మీది, పంట మీది, నష్టం వస్తే అదీ మీది అయితే సాగు మీదే. నాన్నగారు పోయిన ఏడాది మీరు ఊళ్లో లేకపోవడంతో ఆయన వెళ్లి పేరు రాయించారని మీ ఉత్తరంతోపాటు ఉన్న చీటీలో రాశారు. అదే నిజమైతే, ఆ సార్వాకు ఎరువులు, విత్తనాలు కొన్న బిల్లులు, సొసైటీలో మీ పేర ఉన్న పంట రుణం ఖాతా, ధాన్యం అమ్మిన డబ్బు మీ బ్యాంకు ఖాతాలో పడిన పేజీ, పైన మీ బావమరిది ఇచ్చే అఫిడవిట్ జత చేయండి. వీటిలో ధాన్యం డబ్బు జమ అయిన పేజీకి ఉన్నంత బలం మరి దేనికీ లేదు. అఫిడవిట్ ఒక్కటే పెడితే అది బంధువు చెప్పిన మాటగానే మిగిలిపోతుంది.

అలా కాకుండా ఆ ఏడాది పొలాన్ని ఆయనకు నిజంగానే కౌలుకు ఇచ్చి, బస్తాల లెక్కన కౌలు తీసుకుని ఉంటే, నిజం దాచి అఫిడవిట్ రాయించకండి. అటువంటప్పుడు సెక్షన్ 10(37) మీద మీ పట్టు సడలుతుందని ముందే తెలుసుకోవాలి. చట్టంలోని మాట ఆ వ్యక్తి గాని తల్లి గాని తండ్రి గాని వాడిన భూమి అని ఉంది, కౌలుదారు ప్రస్తావన అందులో లేదు. అప్పుడు బరువంతా కింద చెప్పబోయే మూడో ఆధారం మీదికి మళ్లించాల్సి వస్తుంది.

దూరం విషయంలో మీరు వేసుకున్న లెక్క మీకు ఉపయోగపడదు. గ్రామీణ వ్యవసాయ భూమి అసలు మూలధన ఆస్తే కాదని సెక్షన్ 2(14) చెబుతుంది. అది నిజమైతే రెండేళ్ల సాగు రుజువు కూడా అక్కర్లేదు, మూలధన లాభం అన్న ప్రశ్నే పుట్టదు. అందుకే చాలామంది మొదట దూరం ధ్రువపత్రం కోసమే పరుగెత్తుతారు. కానీ 2013 ఫైనాన్స్ చట్టం తర్వాత ఈ దూరాన్ని రోడ్డు వెంట కాకుండా గాలిలో సరళరేఖగా కొలవాలి. పట్టణ జనాభా 10 వేలు దాటి లక్ష లోపు ఉంటే మునిసిపల్ పొలిమేర నుంచి 2 కిలోమీటర్లు, లక్ష దాటి 10 లక్షల లోపు ఉంటే 6 కిలోమీటర్లు, 10 లక్షలు దాటితే 8 కిలోమీటర్ల వరకు ఉన్న భూమిని పట్టణ పరిధిగానే లెక్కిస్తారు. జనాభాకు ప్రామాణికం అప్పటికి లెక్కలు ప్రచురితమైన చివరి జనగణన, అంటే మీ విషయంలో 2011 నాటిది. మీ పట్టణ జనాభా ఆ లెక్కల్లో లక్ష పైన ఉంది. రోడ్డు మెలికలు తిరిగి 7 కిలోమీటర్లు వస్తోంది గాని, మీరు పంపిన పటం మీద పొలిమేర నుంచి పొలం దాకా గీత గీస్తే 5 కిలోమీటర్లకు మించడం లేదు. తహసీల్దారు రోడ్డు దూరం 7 కిలోమీటర్లని రాసి ఇచ్చినా అది ఈ చట్టానికి పనికిరాదు. పైగా దాన్ని జత చేస్తే మీ మిగతా కాగితాల మీద కూడా అనుమానం కలుగుతుంది.

దీనివల్ల మీకు నష్టమేమీ లేదు. ఎందుకంటే సెక్షన్ 10(37) పుట్టిందే పట్టణ పరిధిలో పడిన వ్యవసాయ భూముల కోసం. దూరం దాటి ఉంటే మూలధన ఆస్తి కాదు, దూరం లోపల ఉంటే 10(37) వర్తిస్తుంది. జవాబులో ఈ రెంటినీ ఈ క్రమంలోనే చెప్పండి. భూమి పట్టణ పరిధిలో ఉందని మీరే ఒప్పుకుని, ఆ తర్వాత 10(37) అడిగితే అధికారికి వాదించడానికి ఏమీ మిగలదు. వ్యక్తికి చెందిన భూమి, పట్టణ పరిధి, రెండేళ్ల సొంత లేదా తల్లిదండ్రుల సాగు, చట్టం కింద నిర్బంధ సేకరణ, 2004 ఏప్రిల్ 1న గాని ఆ తర్వాత గాని అందిన పరిహారం అనే షరతులు ఒక్కొక్కటిగా నెరవేరాయని కాగితం సంఖ్యతో సహా చూపించండి. పరిహారం మొత్తాన్ని మాట్లాడుకుని ఒప్పుకున్నారు కాబట్టి అది నిర్బంధ సేకరణ కాదని కొందరు అధికారులు అంటారు. సేకరణ ప్రక్రియ చట్టప్రకారం మొదలై, ధర మాత్రం సంప్రదింపుల్లో తేలినా అది నిర్బంధ సేకరణే అవుతుందని సుప్రీంకోర్టు 2017లో బాలకృష్ణన్ కేసులో చెప్పింది. మీ అవార్డులో సంప్రదింపుల ప్రస్తావన లేదు, కనుక ఈ తీర్పును గుర్తు పెట్టుకుంటే చాలు.

మూడో ఆధారం 2013 భూసేకరణ చట్టంలోని సెక్షన్ 96. ఆ చట్టం కింద ఇచ్చిన అవార్డు మీద గాని, చేసుకున్న ఒప్పందం మీద గాని ఆదాయపు పన్ను వేయరాదని అందులో ఉంది. ఆ పరిహారం ఆదాయపు పన్ను చట్టంలో విడిగా మినహాయింపు లేకపోయినా పన్నుకు రాదని ప్రత్యక్ష పన్నుల కేంద్ర బోర్డు 2016 అక్టోబర్ 25న 36/2016 సర్క్యులర్‌లో స్పష్టం చేసింది. కాలువ కోసమో, రాష్ట్ర ప్రభుత్వ ప్రాజెక్టు కోసమో 2013 చట్టం కింద భూమి పోయిన రైతు అయితే ఇదే మొదటి వాదన, చాలాసార్లు ఇదొక్కటే చాలు. అడంగళ్ల అవసరమే రాదు. అటువంటివారు అవార్డు మొదటి పేజీలో ఏ చట్టం పేరు రాసి ఉందో చూసుకోవాలి.

మీది జాతీయ రహదారుల చట్టం కింద వచ్చిన అవార్డు. ఆ చట్టం 2013 చట్టపు నాలుగో షెడ్యూలులో ఉంది, అంటే 2013 చట్టం దానికి నేరుగా వర్తించదు. 2015లో కేంద్రం ఇచ్చిన ఉత్తర్వు వల్ల పరిహారం లెక్క, పునరావాసం వంటివి ఆ సేకరణలకు కూడా వచ్చాయి. సెక్షన్ 96 కూడా వచ్చినట్లేనా అన్నది వివాదం. పరిహారం లెక్కే వచ్చింది, పన్ను మినహాయింపు రాలేదని ఆదాయపు పన్ను శాఖ వాదిస్తుంది. రైతుల తరఫున ట్రిబ్యునళ్లలోనూ హైకోర్టులలోనూ అనుకూలమైన ఉత్తర్వులు వచ్చాయి. ఒకే అవసరానికి భూమి కోల్పోయినవారిని ఏ చట్టం కింద తీసుకున్నారన్న తేడాతో వేరుగా చూడరాదన్న తర్కానికి, రహదారి భూములకు కూడా, నిర్బంధంగా తీసుకున్నందుకు అదనంగా ఇచ్చే సొలేషియం, వడ్డీ ఇవ్వాలని సుప్రీంకోర్టు 2019లో తర్సేమ్ సింగ్ కేసులో ఇచ్చిన తీర్పు ఊతమిస్తుంది. అయినా దీన్ని మీరు మొదట పెట్టడం నాకు సమ్మతం కాదు. మీ చేతిలో ఉన్న రికార్డులతో తేలిపోయే విషయాన్ని వదిలి, న్యాయస్థానాల్లో నలుగుతున్న ప్రశ్నను ముందుకు తెస్తే, అధికారి ఆ ప్రశ్న మీదే నాలుగు పేజీలు రాసి మీ అడంగళ్లను ఒక వాక్యంలో కొట్టిపడేస్తాడు. పై ఆధారాలకు భంగం లేకుండా ప్రత్యామ్నాయంగా అన్న మాటతో దీన్ని చివర పెట్టండి. పైన చెప్పినట్లు కౌలు ఇచ్చిన మాట నిజమైతే మాత్రం ఇదే ముందుకు రావాలి.

ఇప్పుడు 74 లక్షల్లో ఏముందో విడదీయాలి. అవార్డు వెంట ఉన్న లెక్కపత్రం ప్రకారం భూమి విలువ 33 లక్షలు, బోరుకు, చెట్లకు 2 లక్షలు, వీటి మొత్తం మీద నూరు శాతం సొలేషియం 35 లక్షలు, సంవత్సరానికి 12 శాతం చొప్పున అదనపు మొత్తం 2 లక్షల 60 వేలు, చెల్లింపు ఆలస్యమైనందుకు వడ్డీ లక్షా 40 వేలు. మొదటి నాలుగూ పరిహారమే. 12 శాతం అన్న మాట చూసి దాన్ని వడ్డీ అని అనుకోవడం సాధారణంగా జరిగే పొరబాటు. పాత భూసేకరణ చట్టంలో ఇటువంటి అదనపు మొత్తం పరిహారంలో భాగమేనని సుప్రీంకోర్టు 2009లో ఘనశ్యామ్ కేసులో వివరించింది. ఆ తర్కం ఇక్కడా పనిచేస్తుంది. చివరి లక్షా 40 వేలు మాత్రం నిజంగా వడ్డీ. అది అందిన సంవత్సరంలో ఇతర ఆదాయంగా పన్నుకు వస్తుంది. అందులో సగాన్ని సెక్షన్ 57 ప్రకారం మినహాయించగా మిగిలేది 70 వేలు. ఈ 70 వేలను మీరే చూపించండి. మీకు వేరే ఆదాయం లేదన్నారు గనుక, రెండున్నర లక్షల ప్రాథమిక పరిమితి లోపల దాని మీద పన్ను ఏమీ రాదు. అడగకుండానే ఒప్పుకున్న ఈ చిన్న మొత్తం వల్ల మిగతా 72 లక్షల 60 వేల గురించి మీరు చెప్పే మాటకు నమ్మకం పెరుగుతుంది. పరిహారం సొమ్ములో కొంత ఫిక్స్‌డ్ డిపాజిట్ చేసి ఉంటే, ఆ ఏడాది మార్చి వరకు పెరిగిన వడ్డీ కూడా పన్నుకు వచ్చేదే. పన్ను శాఖ దగ్గర మీ పేరున ఉండే వార్షిక సమాచార పత్రం ఏఐఎస్‌లో అది అధికారికి కనిపిస్తుంది.

ఒకవేళ అన్ని ఆధారాలూ తోసిపుచ్చినా 74 లక్షలు మీ ఆదాయం కాబోదని కూడా జవాబులో ఒక పేరాలో చెప్పాలి. పన్ను వేయదగినది మూలధన లాభం మీదే. తాతలనాటి భూమి కాబట్టి 2001 ఏప్రిల్ 1 నాటి మార్కెట్ విలువను ఖర్చుగా తీసుకునే హక్కు మీకుంది. ఆ విలువ అప్పటి రిజిస్ట్రేషన్ విలువను మించరాదు. ఉదాహరణకు అది 4 లక్షలు అనుకుంటే, 2001-02ను 100గా తీసుకునే ధరల సూచిక బదిలీ జరిగిన 2020-21లో 301 కాబట్టి 12 లక్షల 4 వేల రూపాయలు ఖర్చుగా తగ్గుతుంది. 72 లక్షల 60 వేల నుంచి అది పోగా మిగిలిన 60 లక్షల 56 వేల మీదనే 20 శాతం ప్రశ్న వస్తుంది. సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో 2001 నాటి విలువ పత్రం ఇప్పుడే అడిగి ఉంచుకోండి, తరువాత తిరిగే పని తప్పుతుంది.

ఇక రెవెన్యూ కాగితాల్లో కంటికి కనిపించని చిక్కు ఒకటుంది. మీ అడంగల్‌లో సర్వే నంబరు 112/2 అని, 2 ఎకరాల 10 సెంట్లని ఉంది. గెజిట్‌లో 112/2బి అని, 5666 చదరపు మీటర్లని ఉంది. రహదారి కోసం కొలిచినప్పుడు సబ్ డివిజన్ చేసి, పోయిన ముక్కకు కొత్త నంబరు ఇచ్చారు. 1 ఎకరం 40 సెంట్లను చదరపు మీటర్లలోకి మార్చితే 5666 వస్తుంది, కాబట్టి భూమి ఒకటే. కానీ ఎక్కడో వేరే రాష్ట్రంలో కూర్చున్న అధికారికి ఈ రెండూ వేర్వేరు భూములుగా కనిపిస్తాయి. మండల సర్వేయరు దగ్గర సబ్ డివిజన్ రికార్డు, పొలం కొలతల పటమైన ఎఫ్‌ఎంబీ నకలు తీసుకుని, 112/2 లోంచి 112/2బి విడిపోయిన తీరును ఒక చిన్న పట్టికగా రాసి, తహసీల్దారు చేత సంతకం చేయించుకోండి. ఈ కాగితం లేక వెనక్కి పోయిన జవాబులను నేను చూశాను.

అధికారికి తెలుగు రాకపోవచ్చన్నది కూడా గుర్తుంచుకోవాలి. అడంగళ్లు, 1బి, ఈ-క్రాప్ పత్రం, తహసీల్దారు ధ్రువపత్రం అన్నింటికీ ఇంగ్లీషు అనువాదం వెనుకే పెట్టండి. ఫసలీ అంటే ఏ నెల నుంచి ఏ నెల వరకో, అనుభవదారు అంటే ఎవరో మొదటి అనువాదంలోనే ఒక వాక్యం రాయండి. ఈ-క్రాప్ పత్రాన్ని మీ గ్రామ వ్యవసాయ సహాయకుడి దగ్గర సంతకంతో తీసుకోవాలి. ఫోనులో తీసిన స్క్రీను ఫొటో పనికిరాదు.

జవాబు ఆన్‌లైన్‌లోనే ఇవ్వాలి. ఆదాయపు పన్ను పోర్టల్‌లో Pending Actions కింద e-Proceedings తెరిస్తే మీ నోటీసు కనిపిస్తుంది. గడువు లోపల రెవెన్యూ నకళ్లు చేతికి రావనిపిస్తే, మీసేవ దరఖాస్తు రసీదులు జతచేసి, అక్కడే వాయిదా కోరండి. ఊరికే గడువు కావాలంటే ఇవ్వకపోవచ్చు, రసీదు చూపితే కాదనడం కష్టం. జవాబులో అసలు విషయాన్ని ఇలా మొదలుపెట్టవచ్చు: “గెజిట్‌లో 2021 మార్చి 12న ప్రచురితమైన 3డి ప్రకటన ద్వారా నా భూమి కేంద్ర ప్రభుత్వానికి దఖలు పడింది. ఆ తేదీకి ముందున్న రెండేళ్లలో ఈ భూమిని మొదట నా తండ్రి, ఆయన మరణానంతరం నేను వరి, మినుము సాగుకు వాడాము. ఇందుకు 1428, 1429, 1430 ఫసలీల అడంగళ్లు జతచేశాను. 1430 ఫసలీ సార్వాలో అనుభవదారుగా నమోదైన వ్యక్తి నా బావమరిది, ఆ పంటను నా తరఫున అజమాయిషీ చేశారు. ఇందుకు సంబంధించిన పెట్టుబడి బిల్లులు, ధాన్యం సొమ్ము నా ఖాతాలో జమైన వివరం జతచేశాను. కాబట్టి ఈ పరిహారం సెక్షన్ 10(37) ప్రకారం మొత్తం ఆదాయంలో చేరదు.” దీని తర్వాత వడ్డీ లెక్క, ఆ పైన సెక్షన్ 96 ప్రత్యామ్నాయం, చివర మూలధన లాభం పేరా రావాలి.

రిటర్ను వేయనందుకు మాత్రం మీ తప్పు కొంత ఉంది. ఒక ఏడాదిలో మూలంలో పట్టుకున్న పన్ను 25 వేలు దాటితే, ఆదాయం పన్ను పరిధిలో లేకపోయినా రిటర్ను వేయాలన్న నియమం 2022లో వచ్చింది. సీనియర్ సిటిజన్లకు ఆ పరిమితి 50 వేలు. మీ విషయంలో 7 లక్షల 40 వేలు పట్టుకున్నారు. ఆ నియమం తనకు తెలియలేదని, ఆదాయం దాచే ఉద్దేశం లేదని జవాబులో ఒక వాక్యం రాస్తే చాలు. రిటర్ను వేయకపోవడం వేరు, ఆదాయం తప్పించుకోవడం వేరు. మొదటిదాన్ని ఒప్పుకున్నంత మాత్రాన రెండోదాన్ని ఒప్పుకున్నట్లు కాదు.

అసలు ఆ 7 లక్షల 40 వేలు పట్టుకోకూడదు. సెక్షన్ 194ఎల్‌ఎ వ్యవసాయ భూమిని వదిలేసింది, అది పట్టణ పరిధిలో ఉన్నా సరే. సేకరణ అధికారులు దాన్ని చూడకుండా అందరి దగ్గరా 10 శాతం కోసేస్తుంటారు. ఆ కోత వల్లే మీ పేరు ఏఐఎస్‌లోకి ఎక్కింది, నోటీసూ వచ్చింది. సేకరణ అధికారే పన్ను వర్తిస్తుందని భావించాడు కదా అని నోటీసు అధికారి అంటే, పట్టుకునేవాడు పొరబడినంత మాత్రాన మినహాయింపు పోదని జవాబు చెప్పండి.

మీ జవాబు నచ్చకపోతే అధికారి 148ఎ కిందనే ఉత్తర్వు ఇచ్చి, మదింపును తిరిగి తెరిచే 148 నోటీసు పంపుతాడు. అప్పుడు అందులో చెప్పిన గడువులోపు తప్పనిసరిగా రిటర్ను వేయండి. పరిహారాన్ని మినహాయింపు ఆదాయాల షెడ్యూలులోనూ, 70 వేల వడ్డీని ఇతర ఆదాయంలోనూ చూపించండి. ఆ మదింపు కూడా మీకు వ్యతిరేకంగా వస్తే, ఉత్తర్వు అందిన 30 రోజుల్లో అప్పీలు వేయాలి. అక్కడ కొత్త కాగితాలు పెట్టడం కష్టం కాబట్టి, పైన చెప్పినవన్నీ ఈ మొదటి జవాబులోనే ఎక్కించాలి.

పట్టుకున్న పన్ను వెనక్కి రావడానికి వేరే దారి ఉంది. 148 కింద వేసే రిటర్నులో వాపసు అడిగితే సాధారణంగా ఒప్పుకోరు. ఆలస్యాన్ని మన్నించమని సెక్షన్ 119(2)(బి) కింద విడిగా అర్జీ పెట్టుకోవాలి. 2024 అక్టోబర్ 1 నాటి 11/2024 సర్క్యులర్ ప్రకారం మదింపు సంవత్సరం ముగిసిన అయిదేళ్ల లోపు ఆ అర్జీ ఇవ్వవచ్చు. మీ విషయంలో ఆ గడువు 2029 మార్చి 31 వరకు ఉంది. కోటి రూపాయల లోపు వాపసు కాబట్టి అర్జీ మీ పరిధిలోని ప్రిన్సిపల్ కమిషనర్‌కు పోతుంది. నోటీసు వ్యవహారం మీకు అనుకూలంగా ముగిసిన ఉత్తర్వు చేతికి వచ్చేదాకా ఆగి, దాన్ని జతచేసి అర్జీ పెట్టండి. అప్పటిదాకా, పట్టుకున్న పన్ను వివరాలుండే 26ఏఎస్ నకలును, టీడీఎస్ ధ్రువపత్రాన్ని భద్రంగా ఉంచుకోండి.